రాళ్ళన్నీ పడుకున్నాయేందిరా?

మొన్న సంక్రాంతికి ఖమ్మం వెళ్ళినప్పుడు, అక్కణ్ణించి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా బస్సెక్కి గోదావరి వంతెన దాటి భద్రాచలం చేరి, ఆటో పట్టుకుని దుమ్ముగూడెం పైన అడవి అంచున ఉన్న మా బాబాయి వాళ్ళ ఊరెళ్ళాను. నెట్‌వర్కు లేని చోట మూడు రోజులు పడుకుందామనే గొప్ప ప్రణాళిక నాది. బాబాయి రిటైరైన పంతులు. రిటైరైన పంతుళ్ళు మనల్ని పడుకోనివ్వరు.

వాళ్ళ పక్క కోయ గూడెం గ్రామసభ సామూహిక అటవీ హక్కుల కోసం దరఖాస్తు కడుతోంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఫారం బి అంటారు దాన్ని. పోడు పట్టాల సంగతి పేపర్లలో చదివే ఉంటారు, అవి వ్యక్తులకిచ్చేవి. ఇది ఊరందరికీ కలిపి, అంటే వెదురు, తునికాకు, చెరువు, మేత వగైరాల మీద హక్కు. సాక్ష్యంగా ఏమేం పెట్టొచ్చో 2008 నాటి నిబంధనల్లో రాసుంది. పాత సర్కారీ కాగితాలు, గట్లు, బావులు, శ్మశానాలు, దేవర స్థలాలు, ఊరి పెద్దల వాంగ్మూలాలు. ఒక్క రకం సాక్ష్యం చాలదు, ఒకటికంటే ఎక్కువుండాలి. కాబట్టి బాబాయీ, గూడెంలో డిగ్రీ చదివిన ఒక కుర్రాడూ కలిసి నెలరోజులు తిరిగి ఫోటోలు తీశారు. రెండు ఫోన్లు, మొత్తం 612 ఫోటోలు. ఒక్కోటి సగటున మూడున్నర ఎంబీ, వెరసి రెండు జీబీ పైచిలుకు. అక్కడి సిగ్నలుతో అవి పట్నంలో ఫైలు చూసిపెట్టే వకీలుకి చేరాలంటే వచ్చే సంక్రాంతి అవుతుంది.

"ఒరే, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, వీటిని కాస్త చిన్నవి చేసిపెట్టు" అన్నాడు బాబాయి.

కాస్త చిన్నవి చెయ్యడమే కదా! లాప్‌టాప్ తీసి, పైథాన్‌లో పిల్లో లైబ్రరీ పెట్టుకుని, టీ చల్లారేలోపు రాసిపడేశాను. అసలు పని చేసేవి ఈ మూడు లైన్లే:

```python
im = Image.open(f)
im.thumbnail((1600, 1600))
im.save(f, quality=80)
```

రెండు నిమిషాల్లో రెండు జీబీ కాస్తా రెండొందల ఎంబీ అయింది. నేను కాలరెగరేశాను. మూడో లైన్లో చదివిన ఫైలు మీదే మళ్ళీ రాస్తున్నానన్న సంగతి అప్పుడు నాకేమీ తప్పుగా అనిపించలేదు. "ఫోన్లలో ఉన్నాయి కదా" అనుకున్నాను. అటు బాబాయేమో "లాప్‌టాప్‌లో ఉన్నాయి కదా" అనుకుని, మెమరీ నిండిపోయిందని ఆ రాత్రే తన ఫోను ఖాళీ చేసేశాడు.

పొద్దున్నే ఒక్కొక్కటీ చూస్తూ అడిగాడు. "ఇదేందిరా, రాళ్ళన్నీ పడుకున్నాయేందిరా?"

కోయ గూడేల్లో చనిపోయిన పెద్దల గుర్తుగా రాళ్ళు నిలబెట్టే ఆచారం ఉంది. నిలువెత్తు రాయి పాతి ఉందంటే మనిషెవరో పాతినట్టు. అదే రాయి అడ్డంగా పడి ఉంటే అది అడవిలో ఉండే రాయి, అంతే. నా స్క్రిప్టు నిలువు రాళ్ళన్నిటినీ అడ్డంగా పడుకోబెట్టింది. చెట్లూ పడుకున్నాయి కాబట్టి చూసేవాళ్ళకి ఫోటో తిరిగిందని తెలుస్తుందిలే అన్నాను. "చెట్లు లేకుండా రాయి ఒక్కటే దగ్గర్నుంచి తీసినవి చూడు" అన్నాడు. చూశాను. నిజమే. నాకే తెలీలేదు ఏది నిలువో.

ఇంతకీ ఏం జరిగింది? మన ఫోన్లో సెన్సరు ఎప్పుడూ ఒకే దిక్కున బిగించి ఉంటుంది, సాధారణంగా అడ్డంగా. మీరు ఫోను నిలువుగా పట్టుకుని తీసినా అది చుక్కల్ని అడ్డంగానే, 4000 బై 3000 గానే రాస్తుంది. బొమ్మని తిప్పడానికి సమయం దండగ అని, పక్కన ఎక్సిఫ్ అనే చీటీలో "దీన్ని చూపించేప్పుడు ఇంత తిప్పు" అని ఒక అంకె వేసి ఊరుకుంటుంది. ఆ గడి పేరు ఓరియెంటేషన్. 1 అంటే ఉన్నదున్నట్టు, 3 అంటే తలకిందులు, 6 అంటే గడియారం వైపు 90 డిగ్రీలు తిప్పాలి, 8 అంటే అటువైపు 90. మిగతా 2, 4, 5, 7 అద్దంలో బొమ్మ లాంటివి, ఫోను ఫోటోల్లో దాదాపు తగలవు. ఫోన్లో చూసినప్పుడు గ్యాలరీ ఆ చీటీ చదివి తిప్పి చూపిస్తుంది, మనం ఫోటోయే నిలువుగా ఉందనుకుంటాం.

పిల్లో జేపెగ్‌ని సేవ్ చేసేప్పుడు, మనం ప్రత్యేకంగా అందిస్తే తప్ప ఎక్సిఫ్‌ని కొత్త ఫైల్లో పెట్టదు. అడగదు, హెచ్చరించదు. చుక్కలు మిగిలాయి, చీటీ చిరిగిపోయింది. తిప్పడానికి `ImageOps.exif_transpose` అని ఒక ఫంక్షను 2019 నుంచీ అందులోనే ఉంది. నేను పిలవలేదు, తప్పు నాదే. అయినా నా అభిప్రాయం చెప్తాను: వాడిచ్చిన సమాచారం పారేసే పని ఏ లైబ్రరీ అయినా అడిగి చెయ్యాలి, అడక్కుండా చెయ్యకూడదు. పదిహేనేళ్ళు కోడు రాసినవాడికే ఇలా అయితే నిన్న నేర్చుకున్నవాడి గతేంటి?

దీన్ని సరిచెయ్యడానికి దారులు రెండే. చీటీని బొమ్మతోపాటే జాగ్రత్తగా మోసుకెళ్ళాలి, లేదా చీటీలో రాసినట్టు చుక్కల్నే తిప్పేసి చీటీలో 1 అని దిద్దాలి. రెండూ మానేస్తే నాలా పడుకున్న రాళ్ళొస్తాయి. రెండూ చేస్తే, అంటే చుక్కలు తిప్పి చీటీలో 6 అలాగే వదిలేస్తే, చూపించేవాడు మళ్ళీ తిప్పుతాడు, రాయి రెండోవైపు పడుకుంటుంది. కొన్ని మాత్రమే తిరిగి ఉన్నాయంటే చీటీ పోయినట్టు. కొన్నిచోట్ల బాగుండి కొన్నిచోట్ల తిరిగి కనిపిస్తున్నాయంటే చీటీ ఇంకా ఉంది, ఒకడు చదువుతున్నాడు, ఇంకొకడు చదవట్లేదు. నాకు ఈ తేడా పట్టుబడ్డాక ఇలాంటి గొడవలు సగం చూడగానే అర్థమైపోతున్నాయి.

నా ఓటు రెండో దారికే. ఎందుకంటే మన ఫోటో ఎవడి దగ్గర తెరుచుకుంటుందో మనకి తెలీదు. విండోస్ 7లో వచ్చిన ఫోటో వ్యూయర్ ఆ చీటీ చదివేది కాదు. బ్రౌజర్లు వెబ్ పేజీలోని బొమ్మలకి దాన్ని మామూలుగా పాటించడం మొదలుపెట్టిందే 2020లో. భద్రాచలంలో ప్రింట్లు తీసే షాపులో ఏ కాలం నాటి కంప్యూటరుందో ఆ రాముడికే తెలియాలి. :) ఫైల్లో అతికించేవి కాగితం మీద ప్రింట్లు. కాగితానికి ఎక్సిఫ్ ఉండదు.

సరే, జరిగిన నష్టం ఎంతో లెక్క చూశాం. కుర్రాడి ఫోన్లో 398 ఫోటోలు అలాగే ఉన్నాయి, దేవుడి దయ. బాబాయివి 214 మాత్రం అసళ్ళు లేవు, నా చేతిలో చిన్నబోయినవే మిగిలాయి.

ముందు ఆ 398ని `asalu` అనే ఫోల్డరులోకి కాపీ చేసి, ఇంకో కాపీ పెన్‌డ్రైవులో వేసి దాన్ని పక్కన పెట్టాను. ఏ స్క్రిప్టుకీ ఆ పెన్‌డ్రైవు దారి చెప్పలేదు. తర్వాత ఏమీ మార్చకుండా ఉన్న చీటీల్ని లెక్కపెట్టాను:

```
exiftool -q -f -n -p '$Orientation' asalu | sort | uniq -c
    171 1
      9 3
    196 6
     22 8
```

చిన్నవి చేసే ముందు ఈ లెక్క చూడమని అందరికీ చెప్తాను. 196 ఆరులు ఉన్నాయంటే సగం ఫోటోలు నిలువుగా తీసినవన్నమాట, చీటీ పోతే అవన్నీ పడుకుంటాయి. చీటీ లేనివాటికి ఇక్కడ గీత వస్తుంది. బాబాయి 214 మీద ఇదే నడిపితే 214 గీతలొచ్చాయి.

ఇహ అసలు పని. ఈసారి ఇమేజ్‌మాజిక్ వాడాను:

```
mkdir chinna
cd asalu
mogrify -path ../chinna -auto-orient -resize '1600x1600>' -quality 80 *.jpg
```

`-path` లేకపోతే `mogrify` కూడా నా పాత స్క్రిప్టులాగే అసలు ఫైలు మీదే రాస్తుంది. ఈ ఒక్క మాట మర్చిపోయి ఆల్బమ్‌లు పోగొట్టుకున్నవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు, నాతో కలిపి ముగ్గురు. `-auto-orient` చుక్కల్ని తిప్పి చీటీలో 1 అని దిద్దుతుంది, తేదీ, టైము, జీపీఎస్ అలాగే ఉంచుతుంది. `>` గుర్తు ఎందుకంటే, అప్పటికే చిన్నగా ఉన్నదాన్ని సాగదీయకుండా. ఒకవేళ మీరు చదరం కాకుండా 1600x1200 అని ఇస్తే మాత్రం వరస ముఖ్యం. తిప్పకముందు కుదిస్తే నిలువు ఫోటో చివరికి 1200 బై 1600 వస్తుంది, తిప్పాక కుదిస్తే 900 బై 1200 వస్తుంది. చదరం ఇస్తే ఈ తలనొప్పి లేదు.

దీని తర్వాత లెక్క మళ్ళీ చూస్తే 398 ఒకట్లు వచ్చాయి. అయిపోయిందనుకుని పెన్‌డ్రైవులో వేసి షాపుకి పంపితే కుర్రాడు ఫోను చేశాడు, "అన్నా, ఫోల్డర్ల చూస్తే పడుకునే ఉన్నయ్, తెరిస్తే నిలబడుతున్నయ్" అని. ఇదొక తమాషా. ఎక్సిఫ్ లోపల ఒక బుల్లి నమూనా బొమ్మ కూడా ఉంటుంది. పెద్ద బొమ్మ తిరిగింది, బుల్లిది పాతదే ఉండిపోయింది. ఆ షాపు కంప్యూటరు ఫోల్డరులో బుల్లిదాన్ని చూపిస్తోంది. దాన్ని తీసేస్తే సరి:

```
exiftool -overwrite_original -ThumbnailImage= ../chinna
```

ఇప్పుడు ఆ 22 ఎనిమిదుల సంగతి. వాటి దగ్గరే నేను అసలు విషయం నేర్చుకున్నాను. 8 రావాలంటే ఫోన్ని నిలువుగా, అదీ తలకిందులుగా పట్టుకుని తియ్యాలి. అలా ఎవరు తీస్తారు? తెరిచి చూస్తే దాదాపు అన్నీ కాగితాలు. నులక మంచం మీద పరిచి, పైనుంచి వంగి తీసినవి. స్క్రిప్టు చీటీలో రాసినట్టు నిక్కచ్చిగా తిప్పింది, కాగితాలు మాత్రం తలకిందులుగా, పక్కకీ వచ్చాయి. ఆరులు అని ఉన్న కాగితాల్లో కూడా కొన్ని ఇలాగే ఉన్నాయి.

చీటీలో అంకె ఎవరు వేస్తారు? ఫోన్లోని యాక్సిలరోమీటరు, భూమి ఎటు లాగుతోందో చూసి వేస్తుంది. ఫోను నిలబడి ఉంటే ఆ లాగుడు తెర అంచుల్లో ఏదో ఒకవైపు స్పష్టంగా ఉంటుంది. ఫోన్ని నేలకేసి చూపిస్తే లాగుడంతా తెరకి అడ్డంగా లోపలికి పోతుంది, నాలుగు అంచుల్లో ఏది కిందో దానికి తెలీదు. అప్పుడది తనకి చివరిసారి ఖాయంగా తెలిసిన దిక్కునే పట్టుకుని కూర్చుంటుంది. జేబులోంచి తలకిందులుగా తీసి నేరుగా కాగితం మీదకి వంచితే 8 పడుతుంది. అంటే చీటీయే అబద్ధం చెప్తోంది. ఇలాంటిచోట ఏ కమాండూ ఏమీ చెయ్యలేదు. కాగితం, అడుగు జాడ, మొక్క, నేల మీది బొంత, ఏదైనా పైనుంచి తీసినవాటిని మనిషి కళ్ళతో చూడాల్సిందే.

612 ఫోటోలు ఒక్కొక్కటీ తెరవక్కర్లేదు. ముప్పయ్యేసి చొప్పున ఒక్కో షీటు మీద, కింద ఫైలు పేరుతో పరిచాను:

```
cd ..
montage -label '%f' chinna/*.jpg -tile 6x5 -geometry 200x200+4+4 sheet.jpg
```

బాబాయి ఆ షీట్లు ముందు పెట్టుకుని, ఎర్ర పెన్ను లేక కాస్త బాధపడి, పంతుల్లాగే తప్పుల జాబితా రాసిచ్చాడు. నిజం చెప్పొద్దూ, ఆ పని నాకంటే ఆయనే బాగా చేశాడు, కాగితంలో పైన ఏముండాలో ఆయనకి తెలుసు. ఆ కాగితాల్లో జిల్లా పేరే మూడు రకాలుగా ఉంది. గోదావరి ఎడమ గట్టున ఉన్న ఈ ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ తర్వాత ఖమ్మంలో కలిసింది, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. అన్నిట్లో ఊరు ఒకటే, పైన తలకట్టు వేరు. ఆ తలకట్టు చదివితేనే ఏ కాలం కాగితమో తెలిసేది, అది పక్కకి తిరిగి ఉంటే ఫైలు తిరగేసే గుమాస్తా మెడ వంచి చదువుతాడని నాకేం నమ్మకం లేదు.

జాబితాలోవాటిని `chinna`లో తిప్పలేదు. తిప్పి మళ్ళీ సేవ్ చేస్తే జేపెగ్ ఇంకోసారి నలుగుతుంది. పెన్‌డ్రైవులో అసళ్ళు ఎలాగూ భద్రం, కాబట్టి `asalu` కాపీలో చీటీ మీది అంకెనే దిద్ది, `mogrify` మళ్ళీ నడిపాను:

```
exiftool -n -Orientation=6 -@ aarulu.txt
```

`aarulu.txt`లో లైనుకొక ఫైలు పేరు. పనిలో పనిగా కాగితాల్ని విడిగా 2400కి కుదించాను. ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు, 1600 చుక్కలంటే అంగుళానికి 137 పడతాయి. వెలిసిపోయిన ముద్ర, వేలిముద్ర గీతలు దాంట్లో అలుక్కుపోయాయి. 2400తో అంగుళానికి 205, చదవగలిగేట్టు వచ్చాయి. రాళ్ళకీ, గట్లకీ 1600 చాలు.

ఇక బాబాయి 214. వాటికి చీటీ లేదు, పెద్ద బొమ్మా లేదు. మళ్ళీ షీట్లు పరిచి, ఎనిమిది షీట్లలో 121 పడుకున్నవి ఏరాం. వీటిని ఇంకోసారి నలపకుండా తిప్పడానికి `jpegtran` ఉంది, అది చుక్కల్ని విప్పకుండా జేపెగ్ గళ్ళనే తిప్పుతుంది:

```
jpegtran -copy all -perfect -rotate 90 -outfile b.jpg a.jpg
```

ఆ గళ్ళు మామూలుగా 16 బై 16. కొలతలు 16తో నిశ్శేషంగా భాగింపబడకపోతే అంచున ముక్క మిగులుతుంది, `-perfect` ఉంటే అలాంటప్పుడు పని ఆపేస్తుంది. మనవి 1600 బై 1200 కాబట్టి వంద గళ్ళు, డెబ్బై అయిదు గళ్ళు, లెక్క సరిపోయింది. ఇది చీటీని దిద్దదు, కాబట్టి చీటీ ఉన్న ఫోటోల మీద వాడితే ఇందాక చెప్పిన రెండుసార్లు తిరిగే జబ్బు వస్తుంది. మాకు చీటీయే లేదు, ఆ భయం లేదు.

రాళ్ళు నిలబడ్డాయి గానీ జీపీఎస్, తేదీ తిరిగి రాలేదు. ఏ రాయి ఎక్కడుందో, ఏ రోజు తీశారో చెప్పే సంగతులు ఆ 214లోనూ పోయాయి. ఇక్కడ నాకొక కడుపుమంట ఉంది, చెప్పుకోనివ్వండి. ఫోటోలు కుదించడం గురించి వెతికితే దొరికే ఒక్క లైను కమాండుల్లో చాలావాటికి చివర `-strip` ఉంటుంది. అది చీటీ మొత్తం చింపేస్తుంది. ఆ సలహా వెబ్‌సైటు వాళ్ళ కోసం పుట్టింది, పేజీ తొందరగా తెరుచుకోవాలని. దానివల్ల ఫోటోకి మిగిలేది కొన్ని కేబీలు. మూడున్నర ఎంబీ నుంచి 350 కేబీకి తెచ్చింది కుదింపు గానీ `-strip` కాదు. మెసేజింగ్ యాపుల్లో ఫోటోగా పంపినా మామూలుగా ఇదే జరుగుతుంది, డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. పిల్లల ఫోటోలు జాలంలో పెట్టేప్పుడు, అడవిలో జంతువు కనబడ్డ చోటు పదిమందికీ తెలియకూడదనుకున్నప్పుడు జీపీఎస్ తీసెయ్యాల్సిందే. దానికి `exiftool -gps:all=` ఉంది, అవసరమైనంతే తీస్తుంది. తలనొప్పికి తల తీసెయ్యక్కర్లేదు.

నా సెలవు ఇంకో రెండు రోజులు పొడిగించుకుని, ముగ్గురం కలిసి శ్మశానానికి, బావి దగ్గరికి, చెరువు గట్టుకి మళ్ళీ నడిచాం. తొంభై దాకా ఫోటోలు కొత్తగా తీశాం. ఒక పెద్దాయన వాంగ్మూలం చెప్తుండగా తీసినది మాత్రం మళ్ళీ తియ్యలేకపోయాం, ఆయన కుంట వైపు కూతురింటికి వెళ్ళిపోయాడట. ఆ ఒక్కటి 1600 చుక్కలతో, తేదీ లేకుండానే ఫైల్లో ఉంది. వెనక బాబాయి చేత్తో తేదీ రాసి సంతకం పెట్టాడు.

ఇప్పుడు బాబాయి కాగితం ఫోటో తియ్యాలంటే ముందు ఫోన్ని మొహానికెదురుగా నిలువుగా ఎత్తుతాడు, తెర మీది గుర్తులు నిటారుగా తిరిగేదాకా ఒక క్షణం ఆగుతాడు, అప్పుడు మెల్లగా మంచం మీదకి వంచుతాడు. చూసేవాళ్ళకి ఫోనుకి హారతిస్తున్నట్టు ఉంటుంది. గూడెం పిల్లలు నవ్వుతున్నారట. పోయిన వారం పంపిన నలభై కాగితాల్లో ఒక్క ఎనిమిది కూడా లేదు.